మాఫీ నెలల కిరాయి

జనగామలో మేం దుకాణం పెట్టుకున్న మడిగెకు మొదటి ఆరు నెలలు కిరాయి మాఫీ అని చెప్తే మా చుట్టాల్లో సగం మంది నమ్మలేదు. మిగతావాళ్ళు ఇందులో ఏదో మెలిక ఉందన్నారు. మెలికేమీ లేదని నేనే అందరికీ నచ్చజెప్పాను. నిజంగానే ఒప్పందంలో మెలిక లేదు. ఐదేళ్ళు గడువు, మొదటి ఆరు నెలలు కిరాయి లేదు, తర్వాత నెలకు పదివేలు, అడ్వాన్సు లక్ష. మూడు నెలల కిరాయి బకాయి పడితే మడిగె ఖాళీ చేయాలి. అంతే. ఇప్పుడు ఆ కాగితం తీసి చదివినా నాకు అందులో తప్పు కనిపించదు. కాగితం చదవడం రాని మనుషుల చేతుల్లో పడితే సరైన కాగితం కూడా కొంప ముంచుతుందని అప్పటికి నాకు తెలియదు.

మాది కురవి దగ్గర తండా. మానుకోటలో బీకాం చదివాను. మా ఆయనది కొత్తగూడ వైపు. చిన్నప్పుడే జనగామ వచ్చి, ఒక సేటు దగ్గర కాలిపోయిన మోటార్లకు వైండింగు చుట్టడం నేర్చుకున్నాడు. రాగి తీగ చేతికి తగిలితే చాలు, అది అసలుదో నకిలీదో చెప్పేసేవాడు. ఆ సేటు కొడుకులు దుకాణం ఎత్తేసి హైదరాబాదు వెళ్ళిపోయాక, మనమే ఎందుకు పెట్టుకోకూడదని నేనే పోరు పెట్టాను. ఆయన ఊఁ అనడానికి ఏడాది పట్టింది. మనిషి నెమ్మది. ఎవరితోనూ మాట పడడు, ఎవర్నీ ఒక మాట అనడు. నాకు ఆ గుణం లేదు.

మడిగె ఒక పటేలుది. ఊళ్ళో భూములున్నాయి, టౌనులో పత్తి వ్యాపారం ఉంది, అన్ని పార్టీల వాళ్ళూ ఆయన ఇంట్లో చాయ తాగిపోతారు. బస్టాండుకు పోయే రోడ్డు మీద కొత్తగా ఐదు మడిగెలు కట్టించాడు. మూలమీదిది మాకు నచ్చింది. కట్టించాడు అనడమే గానీ అప్పటికి అక్కడున్నవి గోడలూ, పైన స్లాబూ మాత్రమే. కింద బండలు లేవు, షట్టర్ లేదు, కరెంటు మీటరు లేదు.

"గా పనులన్నీ మీరే చేపిచ్చుకోండ్రి. నేను ఆరు నెలలు కిరాయి అడగ. మాఫీ," అన్నాడు పటేలు.

కాబట్టి అది ధర్మానికి ఇచ్చింది కాదు. బండలకూ షట్టర్‌కూ మీటరుకూ కలిపి మాకు దాదాపు ఆ ఆరు నెలల కిరాయి అంత ఖర్చయింది. నా మెళ్ళో గొలుసు అక్కడే పోయింది. కానీ మాఫీ అనే మాటకు మా దగ్గర ఉన్న బరువు వేరు. మాఫీ చేసినవాడు పెద్దమనిషి, మాఫీ పొందినవాడు జీవితాంతం కొంచెం వంగి నిలబడాలి. అక్టోబరులో, దసరాకు ముందు, దుకాణం తెరిచిన రోజు మా ఆయన పటేలు కాళ్ళకు మొక్కి, పదిమంది ముందూ, "మీ బాకీ ఉంచుకోం పటేలా," అన్నాడు. మేలు చేసినవాళ్ళతో మా దగ్గర ఎవరైనా అనే మాటే అది. పెళ్ళిలో కట్నం చదివించిన మేనమామతో కూడా అంటాం. అంతమాత్రాన మేనమామ మర్నాడు వచ్చి పైసలు ఇమ్మని అడగడు.

దుకాణం బాగానే నడిచింది. కొత్త మోటార్లు, స్టార్టర్లు, కేబుల్, పైపులు ముందు పెట్టాం. వెనుక మా ఆయన వైండింగు పని. లెక్కలు నేను రాసేదాన్ని. తెలంగాణ ఉద్యమం అప్పటికే జోరు మీద ఉంది. నెలలో కొన్ని రోజులు బందుకే పోయేవి. మాకు దాని మీద విసుగు లేదు. మా ఆయన బందు రోజున షట్టర్ దించి నేరుగా దీక్షా శిబిరానికి వెళ్ళి మైకు సెట్టు బాగుచేసేవాడు. వైరు కూడా మన దుకాణంలోదే తీసుకుపోయేవాడు. నేను ఆ వైరును ఖర్చులో రాసేదాన్ని.

మార్చి ఆఖరుకు మొదటి ఏడాది లెక్కలు ముగించాలి. సరుకు కోసం బ్యాంకు ఏటేటా తిరగరాసి ఇచ్చే అప్పు, సీసీ లిమిట్, రెన్యూవల్ కావాలంటే ఆడిటర్ సంతకం పెట్టిన బ్యాలెన్స్ షీటు ఇవ్వాలి. నేను నా లెక్కల్లో ఆ ఆరు నెలలకు కిరాయి సున్నా వేసుకుని, లాభం బాగా కనబడుతోందని సంబరపడుతూ ఆడిటర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి పెన్ను పక్కన పెట్టాడు.

"కిరాయి ఏదమ్మా?"

"ఆరు నెలలు లేదు సార్. మాఫీ."

"కట్టేది లేదు. కానీ మడిగెను వాడుకున్నరు గదా? మొత్తం ఐదేండ్లకు ఎంత కడ్తరో లెక్కతీసి, అరవై నెలల మీద సమానంగా పరువాలె. మొదటి ఆరు నెలలు సున్నా చూపిచ్చి లాభం పెంచుకుంటే, తర్వాత నాలుగున్నరేండ్లు ఆ బరువు మోయాలె. అది తప్పు లెక్క."

నాకు వెంటనే అర్థమైంది. చదివిందే, మరిచిపోయాను. కట్టేది యాభై నాలుగు నెలలు, నెలకు పదివేలు, మొత్తం ఐదు లక్షల నలభై వేలు. అరవై నెలలకు పంచితే నెలకు తొమ్మిదివేలు. అంటే ఖర్చు అన్ని నెలలూ తొమ్మిదివేలే. మొదటి ఆరు నెలలూ మనం పైసా ఇవ్వం, కానీ నెలకు తొమ్మిదివేలు ఖర్చుగా రాస్తాం. అలా మార్చి ఆఖరుకు యాభై నాలుగు వేలు ఒక పక్కన నిలుస్తుంది. ఏప్రిల్ నుంచి నెలకు పదివేలు కడతాం, ఖర్చు మాత్రం తొమ్మిదివేలే రాస్తాం. మిగిలిన వెయ్యి ఆ నిలవలోంచి తగ్గుతూ పోతుంది. యాభై నాలుగు నెలలకు యాభై నాలుగు వేలూ కరిగి, గడువు ముగిసేనాటికి సున్నా అవుతుంది. లెక్కంటే నాకున్న ఇష్టం అదే. ఎక్కడో మొదలైంది ఇంకెక్కడో సున్నాకు వచ్చి చక్కగా ఆగుతుంది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"ఇయ్యని కిరాయి ఇచ్చినట్టు రాసుడేంది?"

"ఇచ్చినట్టు గాదు. వాడుకున్నట్టు."

"గట్ల రాస్తే పటేలుకు ఇయ్యాల్నా?"

"ఎందుకియ్యాలె? ఒప్పందంల ఎంతుంటే అంతే ఇస్తం. పైసా ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"మరి సరే," అని మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టాడు. నా మాట మీద ఆయనకున్న నమ్మకం అంతటిది.

బ్యాలెన్స్ షీటు తయారై వచ్చినప్పుడు, ఇవ్వాల్సినవాటి పట్టికలో ఆ యాభై నాలుగు వేలు "రెంట్ పేయబుల్" అనే పేరు కింద ఉంది. కట్టవలసిన కిరాయి అని దాని అర్థం. నాకు ఆ పేరు నచ్చలేదు. కిరాయి సర్దుబాటు అనో, ఇంకేదైనా అనో పెట్టమని ఆడిటర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అతన్ని అడిగాను. "మా దాంట్ల గీ హెడ్డే ఉన్నది మేడం. పేరుదేముంది, అంకె కరెక్టే గదా," అన్నాడు. ఆడిటర్ లోపల ఎవరితోనో ఉన్నాడు. మళ్ళీ అడుగుదామని రెండుసార్లు తిరిగాను, ఆయన దొరకలేదు. మా ఆయన సంతకం పెట్టాడు. కాగితాలు బ్యాంకుకు వెళ్ళాయి.

బ్యాంకులో మాకు జామీను పటేలే. రెన్యూవల్‌కు ఆయన సంతకం కూడా కావాలి. సెప్టెంబరు మొదట్లో మా ఆయన ఆయన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాడు. నేను దుకాణంలో ఉన్నాను. తర్వాత మా ఆయన చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మేనేజరు కాగితాలు తిప్పుతూ జామీనుదారుకు చదివి వినిపించాడట. సరుకు ఇంత, రావలసింది ఇంత, అప్పులు ఇంత. అప్పుల్లో ఒకచోట ఆగి, "ఇది మీకేనండీ, కట్టాల్సిన అద్దె, యాభై నాలుగు వేలు," అన్నాడట.

పటేలు మా ఆయన ముఖంలోకి చూశాడట. "గిదేందిరా?" అన్నాడట.

"అది లెక్క కోసం రాసుకున్నది పటేలా. మా ఇంటామెకు ఎరికె," అని మా ఆయన నవ్వాడట.

పటేలు కూడా నవ్వాడు. సంతకం మాత్రం పెట్టలేదు. రోజు బాగాలేదు, మళ్ళీ వస్తానన్నాడు. మా ఆయన ఇంటికొచ్చి ఇదంతా మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అప్పటికి వారం ముందే, బంగారం మీద అప్పులిచ్చే ఒక కంపెనీ వాళ్ళు మూలమీది మడిగె కోసం తిరుగుతున్నారనీ, కిరాయి మేమిచ్చేదానికి రెట్టింపు ఇస్తామంటున్నారనీ పక్క మడిగెలోని చెప్పుల దుకాణం అక్క నా చెవిన వేసింది.

పైగా ఆ నెల కిరాయి మేము ఇంకా ఇవ్వలేదు. మా దగ్గర మోటార్లు తీసుకున్న రైతులు పత్తి అమ్మాక ఇస్తామన్నారు. పదిరోజులు ఓపిక పట్టమని పటేలును అడిగితే సరేనన్నాడు. ఆ పదిరోజులు గడవకముందే సకల జనుల సమ్మె మొదలైంది.

సమ్మె గురించి పెద్దపెద్దవాళ్ళు రాశారు, నేను రాయాల్సింది ఏమీ లేదు. మా మడిగె షట్టర్ వైపు నుంచి కనిపించింది మాత్రం చెప్తాను. బస్సులు ఆగిపోయాయి. రైతులు టౌనుకు రావడం మానేశారు. బొగ్గు గనులు కూడా ఆగడంతో కరెంటు కోతలు పెరిగాయి. కరెంటు వచ్చిన కాసేపూ ఓల్టేజీ చాలక మోటార్లు కాలిపోయేవి. చేతినిండా పని ఉండాల్సిన రోజులు అవి. మా ఆయన సైకిల్ మీద ఊళ్ళకు పోయి, బావుల దగ్గరే మోటార్లు విప్పి, మూటగట్టుకొని వచ్చి ఇంట్లో చుట్టేవాడు. మజూరీ అడిగితే, "సమ్మె అయినంక ఇస్త తమ్మీ," అనేవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ దగ్గరా లేవు. భూపాలపల్లిలో గనిలో పనిచేసే మా బావగారిని బదులు అడుగుదామంటే ఆయనే సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు. దసరా వచ్చింది, పోయింది. అక్టోబరు కిరాయి కూడా నిలిచిపోయింది. రెండు నెలలు. మూడో నెల పడకుండా చూసుకుంటే చాలని నేను వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

పటేలు రోజూ దీక్షా శిబిరంలో పూలదండ వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు మైకులో మాట్లాడాడు. మన నీళ్ళు, మన కొలువులు, మన వాటా ఇంకొకడు తింటుంటే ఊరుకోవద్దన్నాడు. ఆ మైకు మా ఆయన బాగుచేసిందే. నేను ఆడవాళ్ళతో పాటు రోడ్డు మీద వంటావార్పులో ఉన్నాను, చప్పట్లు కూడా కొట్టాను. తెలంగాణ రావాలని ఆయన కోరుకోలేదని నేననను. బహుశా మనస్ఫూర్తిగానే కోరుకున్నాడు. మడిగె కూడా మనస్ఫూర్తిగానే కోరుకున్నాడు.

సమ్మె ముగిసి షట్టర్ ఎత్తిన మర్నాడే పటేలు మనిషి వచ్చి, వర్తక సంఘం పెద్దల దగ్గరికి సాయంత్రం రమ్మన్నాడని చెప్పాడు. ఎందుకని అడిగితే, కిరాయి బకాయి గురించి అన్నాడు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళరు. నేను వెళ్ళాను. లెక్క రాసిన మనిషి రాకపోతే లెక్క ఎవరు చెప్తారు?

ధాన్యం మార్కెట్ దగ్గర ఒక గదిలో సంఘం పెద్దలు ముగ్గురు కూర్చున్నారు. పటేలు వాళ్ళ పక్కనే కుర్చీలో ఉన్నాడు. మా ఆయనకు బెంచీ చూపించారు. నాకు ఏదీ చూపించలేదు, నేనే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆడిటర్‌ను కూడా పిలిపించారు. ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. పటేలు పత్తి వ్యాపారం లెక్కలు కూడా ఆయనవే అన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు.

పటేలు చేతిలో మా బ్యాలెన్స్ షీటు నకలు ఉంది. బ్యాంకులో ఎవరిని అడిగి తీసుకున్నాడో గానీ తీసుకున్నాడు.

"నేను మాఫీ అన్న. వీళ్ళు ఏమనుకున్నరో ఏమో, కట్టాల్సినదని వాళ్ళే రాసుకున్నరు. సంతకం పెట్టిండ్రు. బ్యాంకుకు ఇచ్చిండ్రు. దుకానం తెరిసిననాడు పదిమందిల, మీ బాకీ ఉంచుకోం పటేలా అన్నడు. అడగండ్రి," అన్నాడు.

పెద్దల్లో నడుమ కూర్చున్నాయన మా ఆయన్ను అడిగాడు. "అన్నవా?"

"అన్న," అన్నాడు మా ఆయన.

"సంతకం నీదేనా?"

"నాదే."

మా ఆయనకు అబద్ధం రాదు. అంతకన్నా వివరం చెప్పడం కూడా రాదు. నేను అందుకున్నాను. అది బాకీ కాదన్నాను. ఐదేళ్ళ కిరాయిని అరవై నెలలకు సమానంగా పరిస్తే మధ్యలో నిలిచే అంకె అన్నాను. ఒప్పందం కాగితం చూపించి, ఇందులో ఎక్కడైనా ఆ ఆరు నెలలకు కిరాయి కట్టాలని ఉందా అని అడిగాను. ఎవరూ కాగితం వైపు చూడలేదు.

"మరి కట్టేది లేకపోతే కట్టాల్సినదని ఎందుకు రాసిండ్రు బిడ్డా?" అన్నాడు పెద్దమనిషి, నిజంగానే తెలియనట్టు.

"అది పేరు తప్పు. ఆడిటర్ సారునే అడగండ్రి."

అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆడిటర్ గొంతు సవరించుకున్నాడు. "పద్ధతి ప్రకారం కిరాయిని సమానంగా పరువాలె. అట్ల పరిచినప్పుడు ఆ అమౌంటు లయబిలిటీ కిందికే వస్తది," అన్నాడు.

"లయబిలిటీ అంటే?"

"అంటే... ఇయ్యాల్సినవాటి వైపు ఉండేది."

"సార్, ఇప్పుడు అడిగితే ఇయ్యాల్సింది కాదని చెప్పండ్రి," అన్నాను. "మార్చిల మీరే నాకు చెప్పిండ్రు."

ఆయన నన్ను చూడలేదు. "రెండు తీర్లుగ చూడొచ్చమ్మా," అన్నాడు.

రెండు తీర్లుగా చూడటానికి అక్కడేమీ లేదు. అది ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ మనిషి మీద నాకు పటేలు మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. పటేలుకు మడిగె కావాలి. ఈయనకు పటేలు కావాలి. అంతే తేడా.

నేను ఊరుకోలేదు. ఇంకా వివరంగా చెప్తే అర్థమవుతుందనుకున్నాను. "అది బాకీ అయితే మేం కడితెనే తగ్గాలె గదా? ఇది గట్ల గాదు. మార్చిల యాభై నాలుగు వేలు. ఏప్రిల్ నుంచి నెలకు వెయ్యి తగ్గుకుంట వస్తున్నది. ఏడు నెలలైంది, ఇప్పుడు నలభై ఏడు వేలే ఉన్నది. గట్లనే తగ్గి తగ్గి ఆఖరుకు సున్నా అయితది. ఎవరికీ ఏమీ ఇచ్చే పనిలేదు," అన్నాను.

పెద్దలు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివర కూర్చున్నాయన తల ఊపాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అర్థమైందనుకున్నాను.

"అంటే యాభై నాలుగు గాదు, నలభై ఏడు అంటవ్," అన్నాడు ఆయన.

"అవు, ఇయ్యాల్టికి."

"పటేలా, ఆమె నలభై ఏడుకు ఒప్పుకుంటున్నది. మీరూ ఒక మాటకు రాండ్రి."

ధాన్యం మార్కెట్లో పుట్టి పెరిగిన మనుషులు వాళ్ళు. ఒకరు యాభై నాలుగు అని, ఇంకొకరు నలభై ఏడు అంటే దాన్ని బేరం అంటారు. అంకె తగ్గించి చెప్పినవాళ్ళు అంకెను ఒప్పుకున్నట్టే. నేను అరిచినంత పని చేశాను. ఒప్పుకోలేదన్నాను, బేరం ఆడటం లేదన్నాను. మా ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. పటేలు కాసేపు ఆలోచించినట్టు చేసి, "సరే, పెద్దలు చెప్పినంక నేను కాదంటనా, ఏడు వేలు ఇడిసిపెడుతున్న," అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళు ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు.

ఆపైన అంతా త్వరగా తేలిపోయింది. నలభై ఏడు వేలు, సమ్మె నెలల కిరాయి ఇరవై వేలు, కలిపి అరవై ఏడు వేలు. ఆరు నెలల కిరాయి దాటింది. ఒప్పందంలో ఉన్నది మూడు నెలలు. నెలాఖరులోగా మొత్తం కట్టాలి, లేకపోతే మడిగె ఖాళీ చేయాలి. సమ్మె రోజులకు అయినా కిరాయి తగ్గించమని మా ఆయన అడిగాడు, అదొక్కటే ఆయన అడిగింది. "సమ్మె అందరిదీ తమ్మీ, నీ ఒక్కనిదా?" అన్నారు.

వకీలు దగ్గరికి వెళ్ళాం. కాగితాలు చూసి, కోర్టుకు పోతే గెలుస్తారమ్మా అన్నాడు. ఎన్నాళ్ళకు అంటే ఏళ్ళు పడుతుందన్నట్టు చేతులు చాపాడు. ఈలోపు పటేలు జామీను తీసేసుకున్నాడు, బ్యాంకు వాళ్ళు లిమిట్ ఆపేశారు. సరుకు కొనడానికి పైసలు లేని దుకాణం కోసం ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగడం మా వల్ల కాదు. తండా నుంచి మా బాపు వచ్చి, మిర్చి పంట మీద అప్పు తెస్తానన్నాడు. వద్దన్నాను. ఆయన దగ్గర లేనిదాన్ని తెచ్చి, మేము బాకీ పడనిదాన్ని ఎందుకు కట్టాలి?

మిగిలిన మోటార్లు వచ్చిన ధరకు ఇచ్చేశాం. షట్టర్ తీసుకుపోదామంటే గోడలు పాడవుతాయని పటేలు వద్దన్నాడు. బండలు ఎలాగూ తీయలేం. అడ్వాన్సు లక్షలోంచి అరవై ఏడు వేలు పట్టుకుని ముప్పై మూడు వేలు చేతికిస్తానన్నాడు.

సామాను సర్దుతూ నేను మళ్ళీ లెక్క వేశాను. అది నా అలవాటు, మనసు బాగాలేనప్పుడు కూడికలు చేస్తాను. మేము మడిగెలో ఉన్నది పదమూడు నెలలు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మా చేతి నుంచి పటేలుకు పోయింది యాభై వేలు, ఇప్పుడు పట్టుకుంటున్నది అరవై ఏడు వేలు. మొత్తం లక్షా పదిహేడు వేలు. పదమూడును తొమ్మిదివేలతో హెచ్చవేస్తే కూడా లక్షా పదిహేడు వేలే. పైసా తేడా లేదు. మాఫీ నెలలతో సహా ప్రతి నెలకూ తొమ్మిదివేల చొప్పున ఆయన వసూలు చేసుకున్నాడు. నేను పరిచిన లెక్కనే నా దగ్గర వసూలు చేసుకున్నాడు. చేతిలో ఉన్న స్టార్టర్ డబ్బా కింద పెట్టేసి నేలమీద కూర్చుండిపోయాను. ఐదేళ్ళ గడువులో అరవైలోంచి పదమూడు పోతే మిగిలిన నెలలు నలభై ఏడు. ఆ నెలల్లో నెలకు వెయ్యి ఎక్కువ కట్టి మేము తీర్చుకోవాల్సిన నిలవ నలభై ఏడు వేలు. మమ్మల్ని వెళ్ళగొడితే ఆ నెలలూ లేవు, ఆ నిలవా లేదు. ఆ గదిలో నేను చెప్పాల్సిన మాట ఇది. అక్కడ తట్టలేదు, ఖాళీ గదిలో తట్టింది. తట్టి ఉంటే మాత్రం వినేవాళ్ళని నేననుకోను.

నెలాఖరున పటేలు తాళం కోసం తానే వచ్చాడు. వెంట బంగారం అప్పుల కంపెనీ మనిషి ఒకతను టేపుతో గోడలు కొలుచుకుంటున్నాడు. మా ఆయన ట్రాలీ ఆటోలోకి వైండింగు మిషను ఎక్కిస్తున్నాడు. భూపాలపల్లిలో ఒక వర్క్‌షాపులో కూలికి కుదిరాడు, అక్కడికి పోతున్నాం. సొంత దుకాణం అన్న మాట ఆ రోజు తర్వాత ఆయన నోట నేను మళ్ళీ వినలేదు.

తాళం చెవి పటేలు చేతికి ఇస్తూ అన్నాను. "పటేలా, మీరు పట్టుకున్న నలభై ఏడు వేలు ఎవరియో ఎరికెనా? మేం ఇంక గీ మడిగెల ఉండాల్సిన నలభై ఏడు నెలలయి. నెలలు మీరే తీసుకుంటిరి. ఆ నెలల పైసలు గూడ మీరే తీసుకుంటిరి."

నేను తిట్టలేదు. గొంతు పెంచలేదు. ఒక్కసారైనా ఆ లెక్క ఎవరో ఒకరికి అర్థం కావాలని, ఆ మనిషికైనా సరే అర్థం కావాలని అప్పుడు నా ప్రాణమంతా కొట్టుకుంది.

పటేలు పైసల కట్ట నా చేతిలో పెట్టాడు. షట్టర్ వంక ఒకసారి చూసి, తాళం చెవిని అరచేతిలో తిప్పి చూశాడు.

"షట్టర్‌కు రెండు చెవులుంటయి గదా," అన్నాడు. "ఇంకోటి ఏది?"

నడుముకున్న గుత్తిలోంచి రెండోది తీసి ఇచ్చాను.